ఎండలో వరద

నిరుడు ఆ రోజు సిర్గా పొద్దున్నే పనికి బయలుదేరి వాగు ఒడ్డుదాకా వెళ్లింది. దాటే వీలు లేకపోయింది. పైన కొండమీద రాత్రంతా వాన కురిసింది. ఊళ్లో చినుకు లేదు, కింద శానటోరియంలో అసలే లేదు. అయినా వాగు నల్లటి బురదను, గొడ్డంత రాళ్లను దొర్లించుకుంటూ వచ్చి రోడ్డును తనలో కలిపేసుకుంది. అవతలి ఒడ్డున ఎవరిదో వ్యాను ఆగి ఉంది. దాని డ్రైవరు చేతులు అడ్డంగా ఊపి, వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజే శానటోరియానికి జిల్లా నుంచి తనిఖీవాళ్లు వచ్చారు. పెద్ద వంటమనిషి సిర్గా లేదు. వాళ్లకు చల్లారిన గంజి పెట్టారు.

మర్నాడు జుమాదిల్ తన గదిలో ఆమెను నిలబెట్టాడు. వంటిల్లు, చాకిరేవు, సామాన్ల గది అన్నీ అతని కిందే ఉండేవి. సంజాయిషీ రాసివ్వమన్నాడు. ఆమె రాసిచ్చింది. వాగు పొంగింది, రోడ్డు మూసుకుపోయింది, ఎవరూ దాటలేకపోయారు. అతను చదివి కిటికీ వైపు చూశాడు.

"ఇక్కడ ఎండ కాసింది సిర్గా. నా చొక్కా ఆరేసుకున్నాను ఆ రోజు."

"ఎండ మీకు కాసిందన్నా. వాన కొండకు పడింది."

"ఫొటో ఉందా?"

"నా ఫోనులో బొమ్మలు రావు."

ఆమె గ్రామపెద్ద దగ్గర ధ్రువపత్రం తెచ్చింది. జుమాదిల్ దాన్ని వేలి కొసతో పక్కకు జరిపాడు.

"మీ మేనమామేగా గ్రామపెద్ద? నీకు పెళ్లి కాలేదని రాసిమ్మన్నా ఇస్తాడు." వంటిల్లంతా వినేలా నవ్వాడు. "రావాలన్న మనసుంటే కనుమ ఎక్కి అటునుంచి దిగేదానివి. ఇంటి దగ్గర గొర్రెల ఉన్ని కత్తిరించుకుంటూ వాగు మీద నెట్టేస్తావా?"

మందలింపును అందరి ముందూ చదివారు. అప్పటినుంచి ఆమె గిన్నెలు తోముతోంది. ఆమె గరిటెను జుమాదిల్ మరదలు పట్టుకుంది. వేడినీళ్లలో చేతులు ఉబ్బినప్పుడల్లా సిర్గాకు ఆ ఒక్క మాటే గుర్తొచ్చేది: ఉన్ని కత్తిరించుకుంటూ. ఆ రోజు ఆమె సాయంత్రందాకా ఒడ్డునే నిలబడి ఉంది. తిండి లేదు. కాళ్లకు బురద ఎండి పగిలింది.

ఈ వేసవిలో జుమాదిల్ సిర్గా ఊరికి కుమిస్ కోసం వచ్చాడు. ఊపిరితిత్తుల జబ్బుతో వచ్చేవాళ్లకు శానటోరియంలో ఈ పులిసిన గుర్రపు పాలే మందు. మర్నాడు పొద్దున్నే కొత్త రోగుల జట్టు దిగుతోంది. చిన్న లారీలో పీపాలు నింపించుకుని, గుర్రాలవాళ్ల గుడారంలో మర్యాదకు, కాస్త కైపెక్కించే ఆ పాలు ఒకటికి నాలుగు గిన్నెలు తాగి, బయలుదేరబోతుండగా దిగువన వాగు ఘోషించింది. ఆ చప్పుడు ఊళ్లో ఎవరికీ కొత్త కాదు. లారీ వెళ్లి చూసి తిరిగొచ్చింది.

ఆ రోజు సిర్గాకు సెలవు. ఆమె వాకిట్లో తందూరు దగ్గర రొట్టెలు తీస్తోంది. దారిన పోయేవాణ్ణి రొట్టె ముక్క తుంపి నోట వేసుకోకుండా పంపడం ఆ ఊరి పద్ధతి కాదు. పగవాడైనా అంతే. ఆమె రొట్టె పట్టుకొచ్చింది. జుమాదిల్ తుంపి నోట్లో వేసుకున్నాడు.

"కూర్చోండన్నా. మంచి పరుపు వేస్తాను."

పరుపు వేసింది. టీ పోసింది. మీగడ గిన్నె అతని వైపు జరిపింది. అతను సగం గిన్నె తాగి బయటికి చూశాడు.

"వేరే దారి లేదా సిర్గా?"

"లేకేం అన్నా? కనుమ ఉంది. మనసుంటే ఎక్కి అటునుంచి దిగొచ్చు. నిరుడు మీరే చెప్పారుగా."

జుమాదిల్ తన పొట్ట వైపు, తర్వాత కొండ వైపు చూశాడు. లారీ మీద పీపాల మూతలు ఎండకు బుస్సుమంటున్నాయి. కుమిస్ ఊరుకోదు, పులుస్తూనే ఉంటుంది. తెల్లారేసరికి అది రోగికిచ్చే మందుగా పనికిరాదు.

"డైరెక్టరమ్మకు చెప్పాలి. ఫోను ఎక్కడ పలుకుతుంది?"

"శ్మశానం మెట్ట మీద."

మెట్ట మీదికి ఇద్దరూ వెళ్లారు. అతను రొప్పుతూ ఎక్కాడు, ఆమె వెనక మెల్లగా ఎక్కింది. ఫోను పలికింది. డైరెక్టరు బ్యుబ్యుసారా గొంతు సిర్గాకు కూడా స్పష్టంగా వినపడుతోంది.

"వాగేమిటి జుమాదిల్? ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది."

"అక్కా, ఎండ అక్కడ. వాన కొండ మీద."

"పోయిన నెల టైరు పేలిందన్నావు. పెళ్లిలో ఆడుతూ దొరికావు. ఇప్పుడూ నాలుక తడబడుతోంది."

"ఒట్టు అక్కా. గ్రామపెద్ద దగ్గర కాగితం తెస్తాను."

"ఆ కాగితాలు చెల్లవని నిరుడు నువ్వేగా చెప్పావు. రేపు పొద్దుటికి పీపాలు రాకపోతే నీ తాళాలు బల్ల మీద పెట్టి పో. అక్కడ మన గిన్నెలు తోమే సిర్గాది ఆ ఊరే కదా? ఆవిడ అబద్ధమాడే మనిషిలా నాకెప్పుడూ అనిపించలేదు. ఆవిడకు ఫోనివ్వు."

జుమాదిల్ అరచేత్తో ఫోను మూశాడు. అతని మెడ ఎర్రబడింది.

"సిర్గా, అక్కకు చెప్పు. రోడ్డు మూసుకుపోయిందని."

సిర్గా చేతులు కట్టుకుని నిలబడింది.

"నిరుడు మూసుకుపోయిందా అన్నా?"

"ఇప్పుడు ఆ గొడవెందుకు?"

"నాకిప్పుడే కావాలి. మీరు అక్కకు చెప్పండి. తర్వాత నేను మాట్లాడతాను."

అతను లారీ వైపు చూశాడు. వాగు ఘోష వచ్చే వైపు చూశాడు. ఒక పీపా మూత ఎగిరి, తెల్లటి నురగ లారీ పక్కనుంచి కారుతోంది. చెయ్యి తీసి ఫోను చెవికి పెట్టుకున్నాడు.

"అక్కా, ఇంకో మాట. నిరుడు సిర్గా రాసింది... అది నిజమే. ఈ వాగు ఇలాగే వస్తుంది, ఎండలోనే వస్తుంది. నేను నమ్మలేదు. తప్పు నాది. మందలింపు కొట్టేయాలి."

"మరి ఆవిడ గరిటె?"

"ఆవిడదే." మాట మింగుతున్నట్టు అన్నాడు.

"సరే. రేపు ఆవిడ వంటింట్లోకి వస్తుంది. ఇప్పుడు ఫోను ఇవ్వు."

జుమాదిల్ ఫోను అందించాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది. గిన్నెలు తోమే తొట్టె దగ్గర ఏడాదిపాటు నిలబడినవాళ్లకు అది బాగా తెలిసిన చూపు. సిర్గా ఫోను తీసుకుంది. గాలికి ముఖాన పడిన రుమాలు సరిచేసుకుంది.

"నమస్కారం అక్కా."

"సిర్గా, దేవుణ్ణి తలుచుకుని చెప్పు. రోడ్డు నిజంగా మూసుకుపోయిందా?"

కింద వాగు మెట్టకు కనపడదు, గుట్ట అడ్డం. పొద్దుటినుంచీ మెట్ట ఎక్కేదాకా ఆమె ఇల్లు వదిలి కదల్లేదు.

"నిరుడు నేను కళ్లారా చూశానక్కా," అంది సిర్గా. "ఒడ్డున నిలబడి సాయంత్రందాకా చూశాను. ఇవాళ్టిది మాత్రం నేను చూడలేదు. ఇంట్లో రొట్టెలు కాల్చుకుంటూ ఉండిపోయాను."

"చూడలేదా?"

"లేదక్కా. చూడనిది ఎలా చెప్పను?"

జుమాదిల్ ఫోను కోసం చెయ్యి చాచాడు. ఆమె ఫోను అతని చేతిలో పెట్టింది. డైరెక్టరు ఇంకా ఏదో అడుగుతూనే ఉంది.

సిర్గా మెట్ట దిగింది. సగం దిగాక వెనక్కి తిరిగింది.

"రండన్నా, టీ చల్లారుతుంది. అక్కకు సంజాయిషీ రాయాలిగా, మా ఇంట్లో కలం ఉంది."