బెల్లమే కదా!

దిల్‌సుఖ్‌నగర్‌లో అండాలమ్మ రాగి లడ్డూలకు మంచి గిరాకీ. భర్త లింగస్వామికి షుగర్ జబ్బు వచ్చాక ఆమె చక్కెర మానేసి, బెల్లంతో చేయడం మొదలుపెట్టింది. బెల్లం ఏమీ చేయదని ఊరంతా చెప్పే మాటే. ఆ ధీమాతోనే డబ్బాల మీద "షుగర్ ఫ్రీ" అని అచ్చు వేయించింది. అచ్చు వేసినవాడు అదేమిటని అడగలేదు, కొన్నవాళ్లూ అడగలేదు. జబ్బున్నవాళ్లే వెతుక్కుంటూ వచ్చి మరీ కొన్నారు.

ఫుడ్ సేఫ్టీ అధికారి తేజస్విని శాంపిల్ తీసుకెళ్లి, కొన్నాళ్లకు ల్యాబ్ రిపోర్టుతో తిరిగి వచ్చింది.

"గింజంత చక్కెర ఎయ్యలే మేడం, ఒట్టు! అంతా బెల్లమే."

"బెల్లంలో ఉండేదీ చక్కెరేనమ్మా. వంద గ్రాముల్లో అర గ్రాము దాటితే షుగర్ ఫ్రీ అని రాయకూడదు. మీ లడ్డూలో ముప్పై గ్రాములుంది. కేసవుతుంది, జరిమానా పడుతుంది."

జరిమానా ఎంతని అండాలమ్మ అడగలేదు. ఆమె కళ్లు దుకాణం మూలకు తిరిగాయి. అక్కడ కుర్చీలో లింగస్వామి కూర్చున్నాడు. పుండు మానక, పోయినేడు దవాఖానలో అతని కాలు తీసేశారు. ఇప్పుడు ఒళ్లో లడ్డూల డబ్బా ఉంది, దవడ ఆడుతోంది.

"ఉమ్మెయ్యి!" అని అరిచింది అండాలమ్మ.

అతను బిత్తరపోయి చూశాడు.

"ఎందుకే? రోజూ నువ్వే గదా పెడ్తవు."