గ్లోరీ విప్పిన చున్నీ

మర్రిగూడ నుంచి చిట్యాలకు పోతున్న బస్సును డ్రైవర్ చాయ్ కోసం ఆపాడు. ముందు సీట్లో డేవిడ్, చెవులు సరిగా వినబడని తన అవ్వ సైదమ్మ చెవిలో, "కంటి దవాఖానకు పోతున్నం!" అని అరిచాడు.

"అందరి ముందట తిడుతున్నవా? నేను దిగిపోత!" సైదమ్మ మూటతో లేచింది.

అరిస్తే కోపమే వినబడుతుంది, మాట కాదు.

డేవిడ్ భార్య గ్లోరీ, దుమ్ము పడకుండా ముఖానికి చుట్టుకున్న చున్నీ విప్పింది. వెలుగు తన ముఖం మీద పడేలా అవ్వకు ఎదురుగా వంగి, చేయి పట్టుకుని, ఆమె తనను చూసేదాకా ఆగింది.

"అవ్వా, కంటి దవాఖానకు," అంది నిదానంగా. అవ్వకు మాట అందలేదు. గ్లోరీ మళ్లీ అదే మాట అనకుండా, ఇంకోలా చెప్పింది.

"నీ కన్ను డాక్టరుకు చూపిద్దాం. పొద్దుగూకేసరికి ఇంటికొస్తం."

"గట్ల చెప్పు బిడ్డా! వీడు గొర్లను అదిలించినట్టు అదిలిస్తుండు."

సైదమ్మ కూర్చుంది. చిట్యాలలో గ్లోరీ అవ్వ చేయి పట్టుకుని దిగి, బస్సులో ఎవరికీ పోయొస్తానని చెప్పకుండానే డేవిడ్‌తో పాటు దవాఖాన వైపు నడిచి వెళ్లిపోయింది.