సోల్‌రూన్ వెనక్కి కావాలనుకున్న చీటీ

చలికాలమంతా కూర్చుని సోల్‌రూన్ అల్లిన స్వెటర్ అది. కింది అంచు దగ్గర మొదలుపెట్టి, కుట్టన్నది లేకుండా చంకల దాకా గుండ్రంగా అల్లింది. చేతులు విడిగా అల్లి ఒంటికి కలిపి, భుజాల చుట్టూ పూలవరస తిప్పి, మెడ దగ్గరికి తగ్గించుకుంటూ వచ్చింది. సెప్టెంబరులో కొండల మీంచి గొర్రెల్ని దించే రోజున ఊరందరి ముందూ తొడుక్కోవాలని ఆశ. పదిహేడేళ్ళ పిల్లకి ఆపాటి ఆశ ఉండకూడదా?

చెల్లెలు ఎయ్‌దిస్‌కి పద్నాలుగేళ్ళు. అడగలేదు, చెప్పలేదు. స్వెటర్ వేసుకుని గొర్రెల కొట్టంలోకి వెళ్ళి పేడ పూసుకొచ్చింది. అక్కడితో ఆగినా బాగుండేది. అక్క చూసేలోగా శుభ్రం చేద్దామని వాషింగ్ మెషీన్‌లో పడేసి వేడినీళ్ళు పెట్టింది. ఉన్నిని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, రుద్దకుండా నొక్కి, పరిచి ఆరబెట్టాలని ఐస్‌లాండ్‌లో ఎవరికి తెలియదు! వేడికీ కుదుపుకీ పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకట్టేస్తాయి. ఇక విడదీయడం ఎవరి తరమూ కాదు. బయటికి వచ్చింది నాలుగేళ్ళ పిల్లకైనా చాలని అట్టముక్క.

వాళ్ళమ్మ న్యాయం మరీ బాగుంది. పెద్దదానివి, నువ్వే సర్దుకోవాలంది. రాత్రి భోజనాల దగ్గర ఎయ్‌దిస్ చేత బలవంతాన సారీ చెప్పించింది. ఆ పిల్ల కంచంలోని చేపముక్కకి చెప్పింది సారీ. ఆపైన, "ఉన్నేగా, మళ్ళీ అల్లుకో," అని గొణిగి గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

సోల్‌రూన్‌కి ఒళ్ళు మండిపోయింది. కాగితం తీసి, ఎక్కడ పొడిస్తే ఎక్కువ నొప్పి పుడుతుందో చూసుకుని మరీ రాసింది: "నాన్న మనల్ని వదిలి వెళ్ళిపోయింది నీ వల్లే." అది పచ్చి అబద్ధం. రాసిన చేతికీ తెలుసు. నాలుగు మడతలు పెట్టి, టేపు అంటించి, చెల్లెలి తలుపు కింద నుంచి తోసేసింది.

తోసిన మరుక్షణమే గుర్తొచ్చింది. నాన్న వెళ్ళిపోయిన ఏడాదంతా ఎయ్‌దిస్ అక్క పక్కలోనే పడుకునేది. సోల్‌రూన్ నేలమీద బోర్లా పడుకుని, అల్లిక సూదిని సందులోకి దూర్చి చీటీని లాగబోయింది. సూది కొస తగిలిన ప్రతిసారీ చీటీ ఇంకాస్త లోపలికే జరిగింది. ఇంతలో అవతల ఎవరో తీసుకున్నట్టు సూదికి అందకుండా పోయింది.

లోపల్నుంచి ఎయ్‌దిస్ గొంతు, తలుపుకి బాగా దగ్గరగా వినిపించింది.

"సోల్‌రూన్, ఇది నేను చదవాలా?"

"వద్దు."

"అంత ఘోరంగా రాశావా?"

"ఆఁ. నిజం కాదు కూడా."

తర్వాత చీటీ తలుపు కింద నుంచి బయటికి వచ్చింది. టేపు ఊడలేదు.

సోల్‌రూన్ దాన్ని ముక్కలు ముక్కలుగా చింపేసింది. కోపం మాత్రం ఇంకా ఉంది, ఎందుకుండదు?

"గడియ తియ్యవే," అంది. "స్వెటర్ సంగతి నీ మొహం చూసి తిట్టాలి నేను."

గడియ చప్పుడైంది.