యశోదమ్మ మార్చిన మొహం

తిరుపతిలో అలిపిరి దారిలో ఉన్న ఒక ఫోటో స్టూడియోలో యశోదమ్మ ముప్పై రెండేళ్లుగా మొహాలు బాగుచేస్తూ ఉంది. చంద్రగిరిలో పదో తరగతి గట్టెక్కి పనిలో చేరిన రోజుల్లో ఫిల్ము నెగటివు మీద సన్నటి పెన్సిలు మొనతో మొటిమలు చెరిపేది. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, పెన్సిలు పోయి మౌసు వచ్చింది. పని మాత్రం అదే. ఎవరి మొహం వాళ్లకి కాస్త నచ్చేలా చేసి ఇవ్వడం.

ఆ పనిలో ఆమెకి ఒకే ఒక్క నియమం ఉండేది. మచ్చ తీయవచ్చు, నీడ తీయవచ్చు, ఒకరి మొహం మాత్రం ఇంకొకరికి పెట్టకూడదు. పెళ్లికి రాలేకపోయిన తమ్ముణ్ణి ఇంకెవరి ఒంటి మీదనైనా అతికించమని వచ్చేవాళ్లని మర్యాదగానే వెనక్కి పంపేది.

నలభై తొమ్మిదేళ్లకి ఆమెకి పైథాను అనే కంప్యూటరు భాష పిచ్చి పట్టింది. చెల్లెలి కూతురు మహిత ఎంసీఏ చదువుతూ, ఒక మొహాన్ని తీసి ఇంకో మొహం మీద కూర్చోబెట్టే ప్రోగ్రాము ఇంట్లో రాస్తుంటే వెనకాల నిలబడి చూసింది. చూడగానే ఆమెకి గ్రూపు ఫోటోలు గుర్తొచ్చాయి. ఇరవై మంది కూర్చుంటే ఎవరో ఒకరు కళ్లు మూస్తారు. అదే మనిషి ఇంకో ఫోటోలో కళ్లు తెరిచి ఉంటాడు. అతని మొహాన్నే అతనికి తెచ్చిపెట్టడంలో తన నియమం తప్పేదేమీ లేదు. ఆ పని చేత్తో చేస్తే ఒక్కో మొహానికి అరగంట పడుతుంది.

నాలుగు నెలలు, మధ్యాహ్నం అన్నం తిన్నాక మిగిలే గంటలో, ఆమె ఒక్కో లైనూ తన చేత్తో కొట్టి నేర్చుకుంది. ముందు ప్రోగ్రాము మొహం మీద అరవై ఎనిమిది చుక్కలు పెడుతుంది. దవడ వెంట పదిహేడు, తర్వాత కనుబొమ్మలు, ముక్కు, కళ్లు, పెదాలు. చుక్కల ముగ్గు వేసినంత పద్ధతిగా, ఎవరి మొహమైనా పదో చుక్క పదో చోటే. ఆ చుక్కల్ని కలిపి మొహాన్ని ముక్కోణాలుగా కోస్తుంది. రెండో మొహాన్ని కూడా అవే నంబర్ల చుక్కలతో కోస్తుంది. తర్వాత ఒక్కో ముక్కని వంచి, సాగదీసి, రెండో దాని కొలతకి సరిపెడుతుంది. చివరగా అంచుల్ని చుట్టూ ఉన్న చర్మంలో కలిపేస్తుంది.

చెప్పడానికి నాలుగు మాటలే. మొదటిసారి నడిపినప్పుడు ముక్కల మధ్య నల్లటి గీతలు పడి మొహం పగిలిన కుండలా కనిపించింది. వంచేటప్పుడు అంచు దాటి పిక్సెళ్లు దొరకకపోతే నలుపు నింపుతోందని, ఆ అంచునే అద్దంలోలా తిప్పి నింపమని చెప్పాలని తెలియడానికి వారం పట్టింది. ఇంకోసారి కలిపే చోటు ఎక్కడో చెప్పడంలో, అతికించే భాగం మధ్యబిందువు ఇవ్వకుండా మొత్తం ఫోటో మధ్యబిందువు ఇచ్చింది. మహిత మొహం పోయి ఫోటోలో పక్కనున్న స్కూటరు సీటు మీద కూర్చుంది. పెద్దమ్మా కూతురూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది నామం. ఆ అరవై ఎనిమిది చుక్కలు కనుబొమ్మల దగ్గరే ఆగిపోతాయి, నుదుటి మీద ఒక్కటీ ఉండదు. తిరుపతిలో ఫోటో దిగే మగవాళ్లలో సగం మందికి నామం ఉంటుంది. అతికే అంచు సరిగ్గా నామాన్ని మధ్యలో కోసుకుంటూ పోయేది. పై ముక్క ఒక చోట, కింది ముక్క ఇంకో చోట. కలిపే పద్ధతిలో అంచు దగ్గరి రంగు లోపలికి పాకుతుంది కాబట్టి నామం తెలుపంతా ముక్కు మీదికి కారి పిండి చల్లినట్టయ్యేది. దీనికి మందు యశోదమ్మే కనిపెట్టింది. ముక్కు పొడవు ఎంతో లెక్కగట్టి, కనుబొమ్మల పైన అంత ఎత్తున ఇంకో ఏడు చుక్కలు తనే పెట్టింది. అంచు నామం పైకి పోయింది. జుట్టున్న వాళ్లకి అక్కడ వెంట్రుకలు అడ్డం వస్తాయిగానీ, కొండ మీద గుండు చేయించుకుని దిగినవాళ్లకి అదంతా శుభ్రమైన చర్మమే. ఆ రోజు మహిత తన పెద్దమ్మని లేచి కౌగిలించుకుంది.

స్టూడియో యజమాని రాజారత్నం మాత్రం అంత తేలిగ్గా కరగలేదు. వాళ్ల నాయన కాలం నుంచీ ఉన్న మనిషి కాబట్టి ఆమెని అక్కా అనే పిలుస్తాడు, గౌరవంగానే మాట్లాడతాడు. కానీ గ్రూపు ఫోటోల పనంతా చెన్నైలో ఒక ల్యాబుకి పంపేద్దామని అప్పటికే మాటలు జరుగుతున్నాయి. ఒక్క నిజమైన గ్రూపు తన ప్రోగ్రాముతో చేసి చూపిస్తానని ఆమె అడిగింది. కుదిరితే పని ఇక్కడే ఉంటుంది, కుదరకపోతే చెన్నైకి పోతుంది. ఆయన ఒప్పుకున్నాడు.

ఆ గ్రూపు ఒక శనివారం మధ్యాహ్నం వచ్చింది. పలమనేరు వైపు పల్లె నుంచి ఇరవై ముగ్గురు, మొక్కు తీర్చుకుని కొండ దిగి నేరుగా స్టూడియోకి వచ్చారు. మగవాళ్లందరికీ గుండ్లే, గుండ్లన్నిటికీ గంధం, నుదుళ్లన్నిటికీ నామాలు. ఇంటికి పెద్దావిడ చెంగమ్మ మధ్య కుర్చీలో కూర్చుంది. ఆమె కూతురు పవిత్ర, అల్లుడు యోగానంద, కొడుకు మునిశేఖర్ వెనక వరసలో నిలబడ్డారు. రాజారత్నం ఆరు ఫోటోలు తీశాడు. ఐదు గంటలకి వ్యాను కదలాలి, కాణిపాకంలో దర్శనం చేసుకుని ఊరు చేరాలి. ఫ్రేము కట్టించి చేతికిస్తేనే తీసుకుంటామన్నారు.

ఆరింటిలో నాలుగోది అన్ని విధాలా బాగుంది. చంటిపిల్ల కూడా నవ్వింది. ముగ్గురు మగవాళ్లు మాత్రం కళ్లు మూశారు, అందులో యోగానంద ఒకడు. రెండో ఫోటోలో అందరి కళ్లూ తెరిచే ఉన్నాయి. యశోదమ్మ రెండు ఫోటోలూ ప్రోగ్రాముకి ఇచ్చి, వరసలో ఎన్నో మొహం మారాలో నంబర్లు కొట్టి, ఎంటర్ నొక్కింది.

కాఫీ గ్లాసు ఎత్తి దించేలోగా అయిపోయింది. ముగ్గురూ కళ్లు తెరిచారు. ఆమె పెద్దది చేసి అంచు వెతికింది, దొరకలేదు. నామం చెక్కుచెదరలేదు. రంగులో తేడా లేదు. ముప్పై రెండేళ్లుగా అతుకులు పసిగట్టిన కళ్లకి ఒక్క అతుకూ కనిపించలేదు. రాజారత్నం కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు, ప్రింటు ఇమ్మని చెయ్యి ఊపాడు. యశోదమ్మకి నేల మీద కాళ్లు నిలవలేదు.

ప్రింటు బయటికి రాగానే ఆడవాళ్లంతా మూగారు. పవిత్ర ఒక చోట వేలు పెట్టి, దగ్గరికి తెచ్చుకుని, దూరంగా పట్టుకుని చూసింది.

"అక్కా, ఈయన ఎవురు?"

మీ ఆయనే కదమ్మా అంది యశోదమ్మ.

"చెవి మా ఆయనదే. చిన్నప్పుడు కుక్క కొరికింది, ఈడ నొక్కు ఉండాది సూడు. మొహం మాత్రం మా అన్నది. ఇదో, మా అన్న ఈ పక్కన కూడా ఉండాడు."

మునిశేఖర్ ప్రింటు లాక్కుని చూసి, నవ్వాపుకోలేక గోడకి ఆనుకున్నాడు.

"బావా, ఇన్నాళ్లకి నువ్వు అందగాడివైనావు పో."

"నీ మొహం పెట్టుకుని ఊర్లో తిరగమంటావా? నాకు పిల్లనెవురిస్తారు?" అన్నాడు యోగానంద.

"ఇచ్చినాము గదప్పా, ఇంకెంత మందిని ఈమంటావు," అంది చెంగమ్మ కుర్చీలోంచి.

అందరూ విరగబడి నవ్వుతున్నారుగానీ యశోదమ్మ చెవులకి ఏమీ వినపడలేదు. ముప్పై రెండేళ్ల నియమం ఆమె చేతుల్లోనే తప్పిపోయింది. గోడ గడియారంలో నాలుగుంపావు. రాజారత్నం వైపు చూడడానికి ధైర్యం చాల్లేదు.

కుర్చీలో కూర్చుని రెండు ఫోటోలూ పక్కపక్కన తెరిచింది. రెండు నిమిషాల్లో తెలిసిపోయింది. మూడో ఫోటో ముందు రాజారత్నం, మునిశేఖర్ భుజం చెల్లెలికి అడ్డం వస్తోందని, బావనీ బామ్మర్దినీ చోట్లు మార్చుకోమన్నాడు. ఆమె ప్రోగ్రాము మొహాల్ని ఎడమ నుంచి కుడికి లెక్కపెడుతుంది, మనుషుల్ని గుర్తుపట్టదు. రెండో ఫోటోలో ఆ చోట ఉన్నవాణ్ణి తెచ్చి నాలుగో ఫోటోలో అదే చోట పెట్టేసింది. జుట్టు ఉంటే తనకి తెలిసేది. మునిశేఖర్ బావకన్నా నలుపు, రంగు చూసినా తెలిసేది. కానీ అంచు దగ్గరి రంగుని లోపలికి పాకించే ఆ కలిపే పద్ధతే, బామ్మర్ది నలుపుని బావ చాయలోకి దించేసింది. అంత చక్కగా కుదరబట్టే మోసపోయింది. ఒక్క చెవులు మాత్రం మిగిలాయి. ఏ చుక్కా చెవుల దాకా పోదు.

భయం ఎటు పోయిందో పోయింది. చేతులకి తొందర వచ్చింది.

"పవిత్రా, ఇట్ల రా తల్లీ. నా పక్కన కూర్చో."

రెండు ఫోటోల నుంచీ ప్రతి మొహాన్నీ చెవులతో సహా కాస్త వెడల్పుగా కోసి, కింద నంబరు వేసి, తెర మీద రెండు వరసలుగా పేర్చే నాలుగైదు లైన్లు రాసింది. మధ్యలో ఒక బ్రాకెట్టు మరిచిపోతే తిట్టుకుని మళ్లీ కొట్టింది. ఇరవై మూడు పైన, ఇరవై మూడు కింద. పవిత్ర మగవాళ్ల మీద వేలు పెడుతూ పోయింది. ఈ గుండు మా చిన్నాయన, అది ఈడుండాది. ఇది మా అన్న. ఇది మా ఆయన, నొక్కు సూడు. ఒకటి రెండు చోట్ల ఆమె తడబడితే చెంగమ్మ వెనక నుంచి, దూరంలోంచే, తేల్చేసింది. ఆ జతల్ని యశోదమ్మ ఒక పట్టీగా కొట్టి, వరసని పక్కన పెట్టి, ప్రోగ్రాము ఆ పట్టీని చూసుకునే మొహం తెచ్చేట్టు మార్చింది.

ఎంటర్ నొక్కి, ఈసారి కాఫీ వైపు చూడలేదు.

యోగానంద కళ్లు తెరిచి తన మొహంతోనే నిలబడి ఉన్నాడు. పవిత్ర చెవి చూసింది, ముక్కు చూసింది, ప్రింటు తీయించి వెలుతురులోకి తీసుకెళ్లి చూసింది.

"ఈయనే మా ఆయన," అంది.

"బాగా సూడు చెల్లీ, మళ్లీ మార్చుకునేదానికి లేదు," అన్నాడు మునిశేఖర్.

ఫ్రేము కట్టేటప్పటికి ఐదు కావడానికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. వ్యాను ఎక్కబోతూ యోగానంద వెనక్కి వచ్చి, ఆ మొదటి ప్రింటు కూడా కావాలని అడిగాడు. బామ్మర్దిని ఏడిపించడానికి పనికొస్తుందట. యశోదమ్మ ఇవ్వలేదు. నవ్వుతూనే, అతని ముందే నాలుగు ముక్కలుగా చింపి బుట్టలో వేసింది. అతను తల ఊపి వెళ్లిపోయాడు.

వ్యాను మలుపు తిరిగాక రాజారత్నం లోపలికి వచ్చాడు. ఆమె అప్పటికే ప్రోగ్రాము తెరిచి, ఇంటివాళ్లు జతలు చూసి సరేననేదాకా ఏ మొహమూ కదలకుండా ఆపే లైను రాస్తోంది. ఆయన వెనక నిలబడి ఆ లైను చదివాడు.

"చెన్నై వాళ్లకి ఫోన్ చేసి వద్దంటాలే అక్కా. రేపు పొద్దున గుండ్ల గ్రూపులు రెండుండాయి."

"చోట్లు మార్చేటప్పుడు నాకొక మాట చెప్పప్పా," అంది ఆమె తెర మీద నుంచి కళ్లు తిప్పకుండానే. "మళ్లీ ఎవురి చెవి యాడుండాదో నేను వెతుక్కోవాల."