పోయిందన్న డిస్క్

నాకు ముక్కు మీదే కోపం. కొత్తగూడెం బస్టాండు వెనక సందులో ఏళ్ల తరబడి కంప్యూటర్లు అమ్ముతూ, రిపేరు చేస్తున్నాను. ఒక్క చూపులో రోగం చెప్పేస్తానని ఊళ్లో పేరు. ఆ పేరే నన్ను చెడగొట్టింది.

నా పని పద్ధతి ఒకటుండేది. కంప్యూటర్ అమ్మినప్పుడల్లా విండోస్ కొత్తగా ఎక్కిస్తూ కూర్చుంటే పూటంతా పోతుంది. అందుకని ఒక హార్డ్ డిస్క్‌లో అన్నీ సిద్ధం చేసుకుని, కొన్నవాళ్ల డిస్క్‌లోకి దాన్నే అచ్చుగుద్దినట్టు దింపేవాణ్ణి. నా బల్ల మీది కంప్యూటర్‌లో ఉన్నదీ ఆ కాపీయే. నా అంత తెలివైనవాడు లేడనుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ములకలపల్లి నుంచి ఒకామె వచ్చింది. అంగన్‌వాడీ టీచరు. భర్త ప్రైవేటు బడిలో పంతులు, కామెర్లతో పోయి రెండు నెలలైంది. కంప్యూటర్ నా దగ్గర కొన్నదే. అది ఆన్ కావడం లేదని లోపలి డిస్క్ విప్పించి కొంగులో చుట్టుకుని తెచ్చింది.

"పాప నిద్రపోవాలని కతలు చెప్పి, రికార్డు జేసి ఇండ్ల పెట్టుకున్నడన్నా. పాపకు ఏడాదే. ఆయన గొంతు ఇంకెక్కడ లేదు" అంది.

డిస్క్‌ను నా కంప్యూటర్‌కు తగిలించాను. తెర మీద రాలేదు. వంగి చెవి దగ్గర పెట్టి విన్నాను, తిరుగుతోంది. తీసి మళ్లీ తగిలించాను. లేదు. అవతల ప్రింటర్ రిపేరు కోసం కూర్చున్న ఇద్దరు గొణుగుతున్నారు.

"పోయింది చెల్లె."

"ఇంకొక్కసారి జూడన్నా."

"ఎన్నిసార్లు జూసినా గంతే. పోయిందంటే పోయినట్టే!" అని కసురుకున్నాను. ఆమె డిస్క్‌ను బల్ల మీదే వదిలి, కళ్లు తుడుచుకుంటూ బస్సుకు వెళ్లిపోయింది.

పాడైన డిస్కులను విప్పి లోపలి అయస్కాంతాలు తీసుకోవడం మా షాపుల్లో మామూలే. చిన్న చిన్న మరలు కింద పడకుండా పట్టుకుంటాయి. ఆ వారమే దాన్నీ విప్పేశాను. ఫైళ్లన్నీ ఉండే, అద్దంలా మెరిసే లోపలి పళ్లేలు ఎటో పోయాయి. అయస్కాంతం మాత్రం ఇనుప ర్యాకుకు అంటుకుని రోజూ నాకు పనిచేసింది.

మూడేళ్ల తర్వాత ముదిగొండ నుంచి ఒక ఎరువుల వ్యాపారి వచ్చాడు. వేరేచోట కొత్త కంప్యూటర్ కొన్నాడట, నా దగ్గర కొన్న పాతదాంట్లోని ఫైళ్లు కావాలన్నాడు. దాని డిస్క్ తీసి నా కంప్యూటర్‌కు తగిలించాను. రాలేదు. పోయిందని నోటి దాకా వచ్చింది.

"గదేంది? నిన్న సాయంత్రం దాంట్లనే పనిచేసిన. జల్దీ చెప్పుడు గాదు, మంచిగ జూడు" అని గొంతు పెంచాడు.

పంతానికి, తగిలించిన డిస్కులన్నీ చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాను. డిస్క్ ఉంది! పక్కన ఆఫ్‌లైన్, అంటే వాడకంలో లేదని రాసుంది. దాని మీద మౌస్ బాణం పెడితే, ఆన్‌లైన్‌లో ఉన్న మరో డిస్క్‌తో సిగ్నేచర్ కలిసిపోయిందని చూపించింది. డిస్కులను గుర్తుపట్టడానికి విండోస్ వాడే నంబరు అది. నా కాపీతో పాటు ఆ నంబరూ దిగింది. ఒకే నంబరుతో రెండు కనబడేసరికి విండోస్ రెండోదాన్ని పక్కన కూర్చోబెట్టింది.

టైపు చేసి డిస్కులకు ఆదేశాలిచ్చే డిస్క్‌పార్ట్ తెరిచాను. జాబితా చూసి, పొరపాటున నా డిస్క్ ముట్టుకోకుండా ఆయనదే ఎంచుకున్నాను. యూనిక్ ఐడీ, అంటే ఆ నంబరే, అడిగితే రెండింటికీ ఒకటే చూపించింది. ఆయనదానికి వేరే నంబరు ఇచ్చి, ఆన్‌లైన్ చెయ్యమన్నాను. ఆ డిస్క్‌తో ఇక కంప్యూటర్ నడిపేది లేదు కనుక నంబరు మార్చినా ఇబ్బంది లేదు. ఫైళ్లన్నీ వచ్చేశాయి. రెండు నిమిషాల పని.

ఆయన సంతోషంగా వెళ్లిపోయాడు. ములకలపల్లి ఆమె డిస్కూ అదే కాపీ. నేను ర్యాకు వైపు చూడలేకపోయాను. అయ్యో, ఎంత పాపం చేశాను!

పది రోజులు తప్పించుకు తిరిగి, చివరికి ములకలపల్లి బస్సెక్కాను. పిల్లలు వెళ్లిపోయాక ఆమె అంగన్‌వాడీ గదిలో చాపలు చుడుతోంది.

"చెల్లె, ఆ డిస్క్ పోలేదు. మంచిగనే ఉండె" అన్నాను.

ఆమె ముఖం ఎలా వెలిగిందో చెప్పలేను. "అవ్‌నా? గొంతు ఉందా? పాప రోజు అడుగుతది అన్నా!"

ముందు చెప్పవలసింది తర్వాత చెప్పాను. "నేనే విప్పేసిన చెల్లె. ఇగ రాదు." జేబులోంచి అయస్కాంతం తీసి ఇచ్చాను. ఇది తప్ప ఏమీ మిగల్లేదన్నాను.

తిడుతుందనుకున్నాను. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని వేలితో తడిమింది.

"ఆ రోజు చెవి దగ్గర పెట్టుకొని విన్నవ్ గదన్నా. ఏమన్న వినబడ్డదా?"

"తిరిగింది చెల్లె. మంచిగనే తిరిగింది" అన్నాను.