తొమ్మిది కొమ్మలు

విజయనగరంలో ఒక ఆసుపత్రి ల్యాబులో ఏళ్ల తరబడి ఊరందరి మలం డబ్బాలూ మూత తీసి చూసినదాన్ని నేను. నా డబ్బా మాత్రం ఎవరి బల్ల మీదా పెట్టలేదు. పక్క కుర్చీవాళ్లకు తెలిస్తే ముఖం ఎక్కడ పెట్టుకోవాలన్న పాడు సిగ్గు.

మరుగుదొడ్డిలో తెల్లగా రిబ్బను ముక్కల్లాంటివి కనిపించడం మొదలై ఏడాది దాటింది. పేగులో పెరిగే బద్దెపురుగని తెలుసు. పెద్దమాంసం నుంచి వచ్చిందే అయ్యుంటుందని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. ఆ రకం గుడ్లు పశువు మింగితే దాని కండలో తిత్తులవుతాయి, మనిషి మింగితే ఏమీ కాదు. స్నేహితురాలి ఇంట్లో సరిగా ఉడకని పంది వేపుడు కూడా తిన్న సంగతిని కావాలనే మరిచాను.

అప్పుడే చెల్లికి ఫిట్స్ వచ్చాయి. ఎచ్చెర్లలో ఉద్యోగం దానిది, చిన్న కూతురితో నా ఇంట్లోనే ఉంటోంది. పొద్దున్నే బస్సు హడావిడిలో అది జడ వేసుకుంటుంటే, నేనే పెరుగన్నం కలిపి నోట్లో ముద్దలు పెట్టేదాన్ని.

స్కానింగులో మెదడులో తిత్తులు కనిపించాయి. ఇది మాంసమే ముట్టదు కదా అన్నాను డాక్టరుతో.

"తినక్కర్లేదమ్మా. పంది మాంసంలో తిత్తి తిన్నవాళ్లకి పేగులో పురుగు పెరుగుతుంది. ఆ పురుగున్న మనిషి చేతుల నుంచి గుడ్లు ఇంకొకరి నోట్లోకి పోతే, పిల్లపురుగులు రక్తంలో కలిసి మెదడు దాకా వెళ్లి తిత్తులవుతాయి. మీ ఇంట్లో అందరికీ పరీక్ష చేయించండి," అన్నాడాయన.

మర్నాడు నాలోంచి పడిన పురుగు ముక్కనే రెండు గాజు పలకల మధ్య నొక్కి చూశాను. రెండు రకాల గుడ్లూ ఒకేలా ఉంటాయి, వాటితో తేలదు. ముక్కలోని గర్భసంచికి నడిమి కాడ నుంచి ఒక పక్కకు ఎన్ని కొమ్మలున్నాయో లెక్కపెట్టాలి. పదిహేను పైబడితే పశువుది, పదమూడు లోపైతే పందిది. నాకు తొమ్మిది వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టినా తొమ్మిదే. బల్ల పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

నా పురుగు ఒక్క మోతాదు మాత్రలతో పోయింది. చెల్లి మాత్రం వార్డులో, మాత్రల మత్తులో పడుకుని ఉంది. పాపను ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాను.

"నానేటి తిన్నానక్కా? కోడిగుడ్డు కూడా ముట్టనే," అంది.

అబద్ధం చెప్పాలనే అనిపించింది. చెప్పలేకపోయాను.

"నా సేతి అన్నం తిన్నావే. పురుగు నాలో ఉండేది. ఏడాదిగా తెలుసు నాకు."

చెల్లి సెలైన్ సూది ఉన్న చెయ్యి మెల్లగా చాచి, నా ఒళ్లోంచి పాపను తన పక్కకు లాక్కుంది.