మౌస్ అక్కర్లేని కుర్చీ

నా చేతులు వణుకుతాయి. భయంతో కాదు, తాగుడుతో అసలే కాదు. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పకపోతే చూసినవాళ్లు వాళ్లకు తోచింది అనేసుకుంటారు. నరాల డాక్టరు ఈ వణుకుకు ఒక పేరు చెప్పి, ప్రాణానికేం ఢోకా లేదన్నాడు. ప్రాణం సంగతి సరే, నా ఉద్యోగం కంప్యూటరు ముందు కదా.

ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు అమ్మే షాపులో ఆర్డర్ల కుర్చీ నాది. మెకానిక్ అరిగిపోయిన ముక్కను నూనె చేతులతో తెచ్చి కౌంటర్ మీద పెడతాడు. దాని నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికి, గోడౌన్‌లో సరుకు ఉందో లేదో చూసి, ఆర్డరు పెట్టాలి. మధ్యాహ్నం లోపు పెడితే సాయంత్రం బండికి వస్తుంది. లేదంటే ఆ లారీ మర్నాటిదాకా షెడ్డులోనే పడుంటుంది, తిట్లన్నీ నాకు పడతాయి.

వణుకు ముదిరాక మౌస్ నాకు పగవాడైపోయింది. తెర మీద బాణం లింకు దాకా వచ్చినట్టే వచ్చి, సరిగ్గా నొక్కే క్షణంలో పక్కకు గెంతేది. బ్రేకు లైనర్లు తెరవబోతే బేరింగులు తెరుచుకునేవి. కీబోర్డు సంగతి వేరు. అరచేతుల్ని బల్ల అంచుకు గట్టిగా ఆనించి ఒక్కో మీటా నొక్కగలను. అందుకని మౌస్‌ను సొరుగులో పడేసి, వీడియోలు చూసి, కీబోర్డుతోనే అన్నీ చేయడం నేర్చుకున్నాను.

కంట్రోల్, ఎల్ కలిపి నొక్కితే కర్సర్ తిన్నగా అడ్రస్ బార్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. వెబ్‌సైట్ పేరులో రెండు అక్షరాలు కొడితే మిగతాది బ్రౌజరే పూర్తి చేస్తుంది. ట్యాబులు ఎప్పుడూ ఒకే వరుసలో పెట్టుకునేవాణ్ణి. కంట్రోల్‌తో ఒకటి నొక్కితే ఆర్డర్లు, రెండు నొక్కితే సరుకు నిల్వ, తొమ్మిది నొక్కితే చివరిదైన మెయిలు. వీటన్నిటికంటే నాకు ప్రాణప్రదమైంది బ్రౌజర్‌లో పెట్టుకున్న ఒక చిన్న ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే అదనపు పనిముట్టు. ఎఫ్ నొక్కగానే పేజీలో కనిపించే ప్రతి లింకు మీదా, ప్రతి బటన్ మీదా పసుప్పచ్చ చీటీలు అంటించినట్టు ఒకటో రెండో అక్షరాలు వస్తాయి. ఏది కావాలో దాని అక్షరాలు కొడితే అది తెరుచుకుంటుంది. మొదట్లో కర్సర్ వెతుకుడు పెట్టెలో ఉందని మరిచిపోయి ఎఫ్ నొక్కేవాణ్ణి. అది పెట్టెలోనే పడి, ఎఫ్ అనే విడిభాగం మా దగ్గర లేదని వెబ్‌సైట్ నాకు మర్యాదగా చెప్పేది. ముందు ఎస్కేప్ నొక్కి బయటికి రావాలని త్వరలోనే అలవాటైంది.

"ఏవయ్యా, చెయ్యి కదల్చకుండానే పని కానిచ్చేస్తున్నావే!" అని మా పెద్దాయన, అంటే యజమాని, కౌంటర్ దగ్గర వాళ్లకు నన్ను చూపించి నవ్వేవాడు. నాకూ గర్వంగానే ఉండేది. ఎందుకు దాచాలి?

ఆ తర్వాత కంపెనీవాళ్లు వెబ్‌సైట్‌కు కొత్త రంగులు వేశారు. ఆర్డరు చివర ఉండే కన్‌ఫర్మ్ చూడ్డానికి బటన్‌లాగే ఉంటుంది గానీ, కట్టినవాడు దాన్ని బటన్‌గా కట్టలేదు, ఉత్త రంగు డబ్బాలా కట్టాడు. ట్యాబ్ మీట నొక్కుతూ పోతే అన్నిటి మీదా ఆగుతుంది, దాన్ని మాత్రం దాటిపోతుంది. మౌస్ ఉన్నవాడికి ఈ తేడా ఏ జన్మకూ తెలియదు. నా ఎక్స్‌టెన్షన్ మాత్రం దాన్నీ పసిగట్టి దాని మీదా చీటీ అంటించేది. కాబట్టి నా బండి నడిచింది.

పెద్దాయన మోకాళ్లు మొరాయించి ఇంటిపట్టున ఉండిపోయాక ఆయన అల్లుడు షాపుకు వచ్చారు. నెమ్మదస్థుడు, ఎవరి మీదా అరవరు. కంప్యూటర్లన్నీ శుభ్రం చేయిస్తానని ఒక మనిషిని పిలిపించారు. అతను నా ఎక్స్‌టెన్షన్ వివరాలు తెరిచి, అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను ఇది చదవగలదు, మార్చగలదు అన్న వాక్యం చూపించాడు. అల్లుడుగారి ముఖం మారిపోయింది. తీసేయించారు, మళ్లీ పెట్టుకోవడానికి వీల్లేకుండా తాళం వేయించారు.

"బాబూ, దాన్ని ఆ ఒక్క కంపెనీ సైటుకే పరిమితం చేసుకోవచ్చండీ. మిగతా వాటి జోలికి పోదు," అన్నాను.

"ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలి కదండీ. రూలంటే రూలేనండి. అయినా మౌస్ ఉంది కదా, అది వాడుకోండి."

చేతులు చూపించాను. ఆయన ఒకసారి చూసి, కిటికీలోంచి బయటికి చూశారు. నా ఒళ్లు మండిపోయింది. జీతం గుర్తొచ్చి, వెళ్లి కుర్చీలో కూర్చున్నాను.

లింకుల వరకూ ఎలాగో నెట్టుకొచ్చాను. కంట్రోల్, ఎఫ్ నొక్కి లింకులోని మాట వెతికి, ఎస్కేప్ కొట్టి, ఎంటర్ కొడితే లింకు తెరుచుకుంటుంది. కన్‌ఫర్మ్ లింకూ కాదు, బటనూ కాదు గనక దాని దగ్గర ఆ ఎత్తూ పారలేదు. పెద్ద కీబోర్డుకు కుడి చివర విడిగా ఉండే నంబర్ల మీటలతో బాణాన్ని జరిపే పద్ధతి ఒకటుంది, కానీ నాకిచ్చిన చిన్న కీబోర్డుకు ఆ మీటలే లేవు. పెద్దది అడిగితే చూద్దామన్నారు. చూడలేదు.

ఇక బిల్లింగులో కూర్చునే మంగళగిరి అమ్మాయిని పిలవడం మొదలైంది. "అమ్మా, ఒక్కసారి వచ్చి నొక్కవా?" పాపం, ప్రతిసారీ లేచి వచ్చేది. ఒకరోజు ఆ అమ్మాయి భోజనానికి వెళ్లింది. షెడ్డులో గేర్‌బాక్సు విప్పి వదిలేసి వచ్చిన మెకానిక్ నా నెత్తి మీద నిలబడ్డాడు. ఆర్డరంతా నింపేసి, వెనకాలే ఉన్న అల్లుడుగారినే అడిగాను.

"కాస్త అది నొక్కండి బాబూ."

ఆయన వంగి నొక్కారు. "ఇదేనా అండీ? ఈ మాత్రానికి ఇద్దరు మనుషులెందుకు? రేపట్నుంచి అమ్మాయే చూసుకుంటుంది లెండి. మీరు ఫోన్లు, బయటి పనులు చూడండి," అన్నారు, ఏదో మేలు చేస్తున్నట్టు. ఆర్డరులో మిగతాదంతా ఎవరు చేశారో ఆయనకు కనబడలేదు. నొక్కిన వేలే కనబడింది.

నా కుర్చీలో ఆ అమ్మాయి కూర్చుంది. దాని తప్పేం లేదు. నేను గుమ్మం పక్కన స్టూలు మీద ఫోను పట్టుకుని కూర్చున్నాను.

మొన్న మధ్యాహ్నం కౌంటర్ నిండా జనం ఉండగా, సొరుగులోంచి తీసి ఆ అమ్మాయి వాడుతున్న నా పాత మౌస్ చచ్చింది. కింద ఎర్ర లైటు కూడా వెలగలేదు. బిల్లింగు దగ్గరి మౌస్ పీకుదామంటే అక్కడా జనమే.

"బాబాయ్ గారూ, ఒక్కసారి రారూ!" అని పిలిచింది.

వెళ్లి, నిలబడే అరచేతులు బల్లకు ఆనించాను. కంట్రోల్, ఎల్. వెబ్‌సైట్ పేరులో రెండక్షరాలు. పార్టు నంబరు. కంట్రోల్, రెండు. సరుకుంది. కంట్రోల్, ఒకటి. ఆర్డరంతా నిండింది. మెకానిక్ "అబ్బో" అన్నాడు. కన్‌ఫర్మ్ దగ్గర ఆగిపోయాను. ట్యాబ్ నొక్కితే దాన్ని దాటిపోయింది. మళ్లీ నొక్కాను, మళ్లీ దాటిపోయింది.

అల్లుడుగారు వచ్చి చూశారు. "ఇంకో దారి లేదా అండీ?"

"ఉండేదండీ. మీరే తీసేయించారు."

ఆయన ముఖం కొంచెం ఎర్రబడింది. ఒక్క నిమిషం, ఒప్పుకుంటారేమో అనుకున్నాను. ఆయన గల్లాపెట్టె సొరుగు లాగి నోటు తీసి నా ముందు పెట్టారు. బయటి పనులు నావే కదా.

"కొత్త మౌస్ పట్రండి. త్వరగా."

పక్క వీధిలోని కొట్టతను ఒకటి పెట్టెలోంచి తీసి నా ముందుకు జరిపాడు. "పట్టుకుని చూడండి సార్, చేతిలో భలే ఇముడుతుంది."

"నాక్కాదులే బాబూ, ప్యాక్ చెయ్," అని చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.